ఒక్క ‘ని’ తేడాతో బాధితురాలే ముద్దాయి అవుతుంది

మన గ్రూపుల్లో ఎవరైనా ‘పళ్ళు’ అని రాయాల్సిన చోట ‘పల్లు’ అని రాస్తే వెంటనే నవ్వే బొమ్మలు వచ్చి పడతాయి. ‘శనివారం’ని ‘సనివారం’ అంటే సరిదిద్దేవాళ్ళు పదిమంది ఉంటారు. నాకు మాత్రం అవి పెద్ద తప్పులుగా అనిపించవు. ‘సనివారం’ అన్నా మనకి శనివారమే అర్థమవుతుంది, ఎవరికీ నష్టం లేదు. నష్టం జరిగేది ని, కి దగ్గర. అక్కడ తప్పు పోతే మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఈ రెండు ముక్కలు చూడండి. “మేడమ్ కొట్టిన అమ్మాయి.” “మేడమ్‌ని కొట్టిన అమ్మాయి.” మొదటిదాంట్లో దెబ్బలు తిన్నది అమ్మాయి. రెండోదాంట్లో కొట్టింది అమ్మాయి. మధ్యలో ఉన్న తేడా ఒక్క ‘ని’. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు ఇంతమంది ఉన్న కువైట్‌లో ఇది బళ్ళో చెప్పే వ్యాకరణం పాఠం కాదు. ఎవరు ఫిర్యాదు చేసినవాళ్ళు, ఎవరి మీద ఫిర్యాదు అన్న విషయం.

తెలుగులో మాటల వరస అటూ ఇటూ మార్చినా అర్థం చెడదు. “అమ్మాయిని మేడమ్ కొట్టింది” అన్నా, “మేడమ్ అమ్మాయిని కొట్టింది” అన్నా ఒకటే. ఎందుకంటే ఎవరు ఎవరిని అన్నది మాట ఉన్న చోటు చెప్పదు, చివర ఉన్న ‘ని’ చెబుతుంది. ఇంగ్లీషులో ఆ పని వరసే చేస్తుంది. ఇక్కడి ఇళ్ళల్లో మనం నేర్చుకునే పొడిపొడి అరబీలో కూడా మాటలు పక్కపక్కన పెట్టేస్తే చాలు, పని జరిగిపోతుంది. హిందీలో అయితే ‘కో’ ఒక్కటే మన ‘ని’కీ, మన ‘కి’కీ సరిపోతుంది. ఏళ్ళ తరబడి ఈ మూడు భాషల మధ్య నలిగేసరికి మన వేళ్ళు ని, కిలను వదిలేయడమో, ఒకదాని బదులు ఇంకోటి కొట్టడమో చేస్తాయి. “పాపని పంపాను” అంటే పాపే వెళ్ళింది. “పాపకి పంపాను” అంటే ఏదో వస్తువు పాప దగ్గరకి వెళ్ళింది.

సరే, అన్ని తప్పులూ ప్రమాదం కాదు. “నేను మేడమ్ కొట్టింది” అని ఎవరైనా రాస్తే, ‘నన్ను’ అనాల్సిన చోట ‘నేను’ పడింది. అయినా ‘కొట్టింది’ అన్న క్రియ కాపాడుతుంది. నేను కొడితే ‘కొట్టాను’ అనేదాన్ని కదా! కొట్టింది బాబా అయితే ‘కొట్టాడు’ అని వస్తుంది, అప్పుడూ ఇబ్బంది లేదు. ఇద్దరూ ఆడవాళ్ళయి, ఇద్దరి గురించీ ‘ఆమె’ అన్నట్టు చెబుతున్నప్పుడే క్రియ చేతులెత్తేస్తుంది. ఎవరు కొట్టినా ‘కొట్టింది’ అనే కదా. సాయం కోసం గ్రూపుల్లో పెట్టే మెసేజీలు ఎక్కువగా ఇలాంటివే. బాధపడే మనిషి ఒకరు, ఆమె కోసం రాసేది ఇంకొకరు, రెండో వైపున మేడమ్.

ఉదాహరణకి ఇలాంటి మెసేజ్ ఒకటి వచ్చిందనుకుందాం: “మేడమ్‌ని కొట్టిన మా ఊరి అమ్మాయికి సాయం కావాలి. మూడు నెలలుగా మేడమ్‌కి జీతం ఇవ్వలేదు. మేడమ్ ఫోన్ తీసుకుంది.” రాసినావిడ మనసులో ఏముందో మనం ఊహించుకోగలం. కానీ కాగితం మీద ఏముంది? ఒక్కో వాక్యమే చూద్దాం.

మొదటి వాక్యంలో చిక్కు ‘కొట్టిన’ దగ్గర ఉంది. కొట్టాను, కొట్టాడు, కొట్టింది అన్నప్పుడు చివర చూస్తే ఎవరో తెలుస్తుంది. ‘కొట్టిన’కి ఆ చివర లేదు. ఆడ, మగ, నేను, నువ్వు, అందరికీ ‘కొట్టిన’ అనే రూపమే. అందుకే “బాబా కొట్టిన అమ్మాయి”, “బాబాని కొట్టిన అమ్మాయి” అన్నప్పుడు కూడా ‘ని’ తప్ప ఇంకో ఆధారం ఉండదు. “మేడమ్ అమ్మాయిని కొట్టింది” అని మనసులో అనుకుని దాన్ని తిప్పి రాసేటప్పుడు అమ్మాయి దగ్గరున్న ‘ని’ పోవాలి. తొందరలో అది పోకుండా మేడమ్‌కి అంటుకుంటుంది.

రెండో వాక్యంలో చిక్కు ‘లేదు’. ఇచ్చాను, ఇచ్చింది, ఇచ్చారు అని మూడు రకాలు ఉన్నాయి. కాదన్నప్పుడు మాత్రం నేను ఇవ్వలేదు, ఆమె ఇవ్వలేదు, వాళ్ళు ఇవ్వలేదు, అన్నిటికీ ఒకటే. “మేడమ్‌కి ఇవ్వలేదు” అని రాస్తే మేడమే జీతం రావాల్సిన మనిషి అయిపోతుంది. ఏజెంటు డబ్బుల దగ్గర కూడా ఇదే గొడవ. “ఏజెంటు ఇవ్వలేదు” అంటే అతను మనకి బాకీ. “ఏజెంటుకి ఇవ్వలేదు” అంటే మనమే అతనికి బాకీ. కువైట్‌లో ఇంటిపని వాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. జీతం నెలనెలా ఇవ్వాలని అందులో ఉంది. ఆ హక్కు అడగాలంటే మొదట చెప్పాల్సింది ఎవరు ఎవరికి ఇవ్వలేదన్నదే.

మూడోది అన్నిటికంటే భయపెట్టేది, ఎందుకంటే అందులో తప్పే లేదు. “మేడమ్ ఫోన్ తీసుకుంది.” అమ్మాయి ఫోన్‌ని మేడమ్ లాక్కుందని రాసినావిడ ఉద్దేశం. కానీ మన తెలుగులో ‘యొక్క’ ఎవరూ వాడరు. మేడమ్ ఫోన్ అంటే మేడమ్‌కి చెందిన ఫోన్ కూడా. అప్పుడు “ఆ అమ్మాయి మేడమ్ ఫోన్ తీసుకుంది” అని అర్థం వస్తుంది. అంటే దొంగతనం! ఈ వాక్యాన్ని వేరేవాళ్ళు ఇంగ్లీషులోకో, అరబీలోకో మార్చేటప్పుడు రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. వాళ్ళు ఏది ఎంచుకున్నారో మనకి తెలియను కూడా తెలియదు.

అందుకే నా మాట ఏంటంటే, వేరేవాళ్ళ కోసం రాసేటప్పుడు ‘ఆ అమ్మాయి’ అని కాకుండా ఆమె నోటి మాటగా ‘నేను’ అని రాయండి. “మేడమ్ నన్ను కొట్టింది. మేడమ్ మూడు నెలలుగా నాకు జీతం ఇవ్వలేదు. మేడమ్ నా ఫోన్ తీసుకుంది.” ఇక తికమకకి చోటే లేదు. నన్ను, నాకు, నా అన్నవి మూడూ వేరు వేరు మాటలు, ఒకదానితో ఒకటి కలవవు. ‘కొట్టిన’, ‘ఇచ్చిన’ లాంటివి పెట్టకుండా చిన్న చిన్న వాక్యాలుగా విడగొట్టండి. ప్రతి క్రియ దగ్గరా ఎవరు, ఎవరిని, ఎవరికి, ఎవరిది అని అడిగి చూడండి. జవాబు వాక్యంలోనే దొరకాలి, మన ఊహలో కాదు. పంపే ముందు ఆ మనిషికే చదివి వినిపిస్తే, చదువు రాని అక్క కూడా “అయ్యో, నేను కొట్టలేదమ్మా” అని చటుక్కున పట్టేస్తుంది.

‘మేడమ్‌ను’ అన్నా ‘మేడమ్‌ని’ అన్నా, ‘ఏజెంటుకు’ అన్నా ‘ఏజెంటుకి’ అన్నా నాకు అభ్యంతరం లేదు. కడప మాట అయినా గోదావరి మాట అయినా అర్థం మారదు. వాటి మీద పోట్లాడుకోవడం మానేసి, గ్రూపులో సాయం అడిగే మెసేజ్ వస్తే దాన్ని ఫార్వర్డ్ చేసే ముందు ని, కిలు ఎవరి పక్కన ఉన్నాయో ఒక్కసారి చూద్దాం. అది యాభై గ్రూపులకి వెళ్ళిపోయాక సరిచేయడం ఎవరి వల్లా కాదు.