‘అన్ని రకముల సలహాలు ఇవ్వబడును’ బోర్డు దించాలి

రెండు తెలుగు రాష్ట్రాల్లో సొంతంగా పని చేసుకుంటున్న కన్సల్టెంట్లకు విన్నపం

గుంటూరు ఎగుమతిదారు ఒకరి ఎండుమిర్చి కంటైనర్ యూరప్ రేవులో ఆగిపోయిందనుకుందాం. పరీక్షలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరిమితి దాటింది. సరుకు వెనక్కి తెచ్చుకోవాలి, లేదా అక్కడే ధ్వంసం చేయించాలి. ఏది చేసినా నష్టం ఆయనదే. ఆ రాత్రి తోటి వ్యాపారికి ఫోన్ చేసి ఆయన అడిగేది ఒక్కటే: “ఈ బూజు సంగతి బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

ఉన్నారు. అదే ఊళ్లో, పదకొండేళ్లుగా ఆ పని చేస్తున్న కన్సల్టెంట్ ఒకరున్నారు. ఆయన విజిటింగ్ కార్డు ఆ తోటి వ్యాపారి సొరుగులోనే ఉంది. అయినా పేరు తట్టలేదు. కార్డు మీద ఉన్నది ఇది: “ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సులు, ఐఎస్ఓ, జీఎస్‌టీ, బ్యాంకు రుణాలు, ప్రాజెక్టు రిపోర్టులు, వ్యక్తిత్వ వికాస శిక్షణ వగైరా.” మిర్చి అన్న మాటే అందులో లేదు.

ఈ కరపత్రం కోరేది చిన్న మార్పే. సొంతంగా సలహా వృత్తి చేసుకునే ప్రతి ఒక్కరూ తమ పరిచయ వాక్యాలను ఒకే ఒక్క ప్రత్యేకత చుట్టూ తిరగరాసుకోవాలి. ఆ ప్రత్యేకతను మసకబార్చే ప్రతి మాటనూ, అది నిజమే అయినా సరే, తీసేయాలి. తీసేయడమే ఇందులో కష్టమైన భాగం.

కన్సల్టెంటుకు పని వచ్చేది ఎక్కువగా ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి. చెప్పేవాళ్లకు గుర్తుండేది ఒక్క ముక్క. “ఆయన అన్నీ చేస్తారు” అన్న మాట ఎవరికీ అవసరానికి గుర్తురాదు, ఎందుకంటే అన్నీ కావలసి ఎవరూ ఫోన్ చేయరు. ఒక ఇబ్బంది వచ్చి చేస్తారు. 1987లో హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిని నెలకొల్పినప్పుడు అది కళ్లకే పరిమితమైంది. ఈనాటికీ కంటి జబ్బు అనగానే తెలుగు కుటుంబాల్లో ఆ పేరు వినిపించడానికి వైద్యం ఎంత కారణమో ఆ పరిమితి కూడా అంతే కారణం. ఆసుపత్రికి పనికొచ్చిన ఈ సూత్రం ఒంటరిగా పని చేసే సలహాదారుకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ఆయనకు పెద్ద భవనం ఉండదు, ప్రకటనల బడ్జెట్ ఉండదు. ఉన్నదల్లా నాలుగు వాక్యాల పరిచయం.

ప్రత్యేకతను ఎలా ఎంచుకోవాలి? ఇష్టాన్ని బట్టి కాదు, బిల్లుల్ని బట్టి. మన గుంటూరు కన్సల్టెంట్ గత మూడేళ్లలో 60 బిల్లులు ఇచ్చారనుకుందాం. వాటిని పనుల వారీగా కుప్పలు పోశారు. లైసెన్సు పనులకు 31 బిల్లులు, వచ్చింది 3 లక్షల 10 వేలు. జీఎస్‌టీకీ రుణాలకూ కలిపి 17 బిల్లులు, 3 లక్షల 40 వేలు. శిక్షణ ఉపన్యాసాలు 5, యాభై వేలు. మిర్చి నాణ్యత పనికి బిల్లులు ఏడే ఏడు, వచ్చింది మాత్రం 11 లక్షలు. మొత్తం 18 లక్షల్లో అరవై శాతం పైగా కార్డు మీద లేని పని నుంచే వచ్చింది. పైగా ఆ ఏడుగురూ ఫీజు దగ్గర బేరమాడలేదు, అయిదుగురు ఇంకొకరు చెబితే వచ్చినవాళ్లు. లైసెన్సు కోసం వచ్చినవాళ్లు మాత్రం పక్క వీధిలో అయిదు వందలు తక్కువంటే అటు వెళ్లిపోయారు. బిల్లులు ఇంత స్పష్టంగా చెప్పాక ఇక ఆలోచించడానికి ఏమీ లేదు.

ఒక్క పరీక్ష మిగిలి ఉంటుంది: ఆ ఇబ్బంది ఉన్నవాళ్లు సరిపడా ఉన్నారా? సుగంధద్రవ్యాలు ఎగుమతి చేయాలంటే స్పైసెస్ బోర్డులో నమోదు తప్పనిసరి కాబట్టి ఆ వ్యాపారులను పేరుపేరునా లెక్కపెట్టవచ్చు. ఏడాదికి పదిమందికి పని చేసిపెట్టగల మనిషికి ఎదురుగా పాతిక పేర్లే ఉంటే గిరి మరీ చిన్నదైంది. లెక్క తేలనంత మంది ఉంటే ఇంకా బిగించాలి. ఆ వ్యాపారులు యార్డులోనో కోల్డ్ స్టోరేజీ దగ్గరో ఒకరికొకరు తారసపడేవాళ్లైతే మరీ మంచిది. మాట అక్కడే పాకుతుంది.

ఇక రాత. పాత పరిచయం ఇలా ఉంది: “ఎమ్మెస్సీ, ఎంబీఏ, పీజీ డిప్లొమా. 22 సంవత్సరాల సుదీర్ఘ అనుభవం. ఆహార పరిశ్రమ, ఆర్థిక, వాణిజ్య, మానవ వనరుల రంగాలలో సమగ్ర పరిష్కారాలు అందించబడును. వక్త, శిక్షకులు, సంఘసేవకులు, పలు పురస్కారాల గ్రహీత.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాని కంటైనర్ ఆగిపోయిన మనిషికి పనికొచ్చే మాట కూడా ఒక్కటీ లేదు.

కొత్తది ఇలా ఉండవచ్చు: “యూరప్‌కు ఎండుమిర్చి పంపే ఎగుమతిదారుల సరుకులో అఫ్లాటాక్సిన్ ఎక్కడ పుడుతోందో కనిపెట్టి, అది తగ్గేలా కొనుగోలు, నిల్వ, ప్యాకింగ్ పద్ధతులను సరిచేస్తారు. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నారు. కల్లంలో ఆరబెట్టడం నుంచి కంటైనర్ మూసేదాకా ప్రతి దశలో తేమ కొలిచి, తాలు కాయ ఏరివేత, నమూనాల సేకరణ దగ్గరుండి చేయిస్తారు. ఎమ్మెస్సీ, ఆహార సాంకేతిక శాస్త్రం.”

రెండోదానికి బలం ఎక్కడిది? విశేషణాల్లో కాదు, వివరాల్లో. యూరోపియన్ యూనియన్ మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1ను కిలోకు 5 మైక్రోగ్రాముల దగ్గరే ఆపుతుంది, అన్ని రకాలూ కలిపి 10. అంత సూక్ష్మమైన హద్దు దాటడానికి పెద్ద కారణం అక్కర్లేదు. వట్టి నేల మీద ఆరబోసిన కాయ రాత్రి మంచుకు తడిస్తే చాలు, కాయ విరగకుండా మెత్తబడాలని బస్తాకు ఎత్తే ముందు నీళ్లు చల్లినా చాలు. ఈ సంగతులన్నీ ఎగుమతిదారుకు తెలుసు. తేమ, తాలు కాయ, కల్లం అన్న మాటలు పరిచయంలో కనబడగానే ఈ మనిషి మన సరుకు చూసినవాడేనని ఆయనకు అర్థమవుతుంది. ‘సమగ్ర పరిష్కారాలు’ అన్న మాట ఎవరైనా రాసుకోగలరు. తాలు కాయ గురించి రాయాలంటే దాన్ని చేత్తో ఏరించి ఉండాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. “మీ సరుకు ఎన్నటికీ వెనక్కి రాదు” అని రాయకూడదు. అఫ్లాటాక్సిన్ సరుకంతటా సమంగా పరుచుకోదు. కొద్ది కాయల్లో గుట్టగా ఉంటుంది. ఒకే లాట్ నుంచి తీసిన ఒక నమూనా నెగ్గి ఇంకొకటి తప్పవచ్చు. కాబట్టి పరిచయంలో చేసే పనిని చెప్పాలి, చేతిలో లేని ఫలితాన్ని కాదు. ఈ రంగం తెలిసిన కొనుగోలుదారు హామీని చూడగానే అనుమానపడతాడు.

తీసేసినవాటిని ఒక్కొక్కటిగా చూస్తే కారణాలు వేరువేరు. జీఎస్‌టీ, రుణాలు పోయింది అవి చిన్న పనులని కాదు. పక్కన అవి ఉంటే మిర్చి కూడా అలాంటి ఒక సేవలాగే కనబడుతుందని. ఎంబీఏ పోయింది ఈ ఇబ్బందికి దానితో సంబంధం లేదు కాబట్టి. ‘22 ఏళ్లు’ పోయి ‘పదకొండేళ్లు’ మిగిలింది. అంకె సగానికి తగ్గినా నమ్మకం పెరిగింది, ఎందుకంటే ఆ పదకొండేళ్లూ ఈ పనిలోనివే. పురస్కారాలు, సంఘసేవ ఇంట్లో గోడ మీద ఉండాల్సినవి. అన్నిటికంటే గట్టిగా పట్టుకు వేలాడేది ‘వగైరా’. ఆ ఒక్క మాట మిగిలినా మిగతా శ్రమంతా వృథా.

చాలామంది సగంలో ఆగిపోతారు. “మిర్చి ఎగుమతి నిపుణులు, మరియు అన్ని రకాల లైసెన్సులు” అని రాసి సరిపెట్టుకుంటారు. ఇలా ఆగిపోయారో లేదో తెలుసుకునే మార్గం తేలిక. మిర్చితో సంబంధం లేని ఒక పరిచయస్థుడికి ఆ నాలుగు వాక్యాలూ చదవడానికిచ్చి, కాగితం వెనక్కి తీసుకుని, “నా దగ్గరికి ఎవర్ని పంపిస్తావు?” అని అడగాలి. “యూరప్‌కు మిర్చి పంపేవాళ్లను” అంటే రాత కుదిరింది. “ఫుడ్ బిజినెస్ వాళ్లను” అంటే ఇంకా కోయాలి.

భయం సహజమే. మిగతా పని పోతే ఇల్లు గడిచేదెలా? పరిచయంలోంచి తీసేయడం వేరు, పని మానేయడం వేరు. పాత ఖాతాదారులు లైసెన్సు రెన్యువల్‌కు వస్తూనే ఉంటారు, వాళ్లకు కార్డు చూపించనక్కర్లేదు. వచ్చిన పనిని కాదనమని ఎవరూ అనడం లేదు. వెతుక్కునే పని మాత్రం ఒక్కటే ఉండాలంటున్నాం. మొదటి కొన్ని నెలలు ఫోన్లు తగ్గవచ్చు. ఆ తర్వాత కూడా “పాన్ కార్డు చేయిస్తారా?” అన్న ఫోన్లే వస్తుంటే పాత రాత ఇంకా ఎక్కడో బతికి ఉందని గుర్తు.

నిజంగానే బతికి ఉంటుంది. లెటర్‌హెడ్, వాట్సాప్ బిజినెస్ ప్రొఫైల్, లింక్డ్ఇన్, ఆఫీసు బోర్డు, సభలో పరిచయం చేసేవారి చేతిలో కాగితం: ఇన్నిచోట్లా ఒకే మాట ఉండాలి. లింక్డ్ఇన్‌లో పేరు కింది వరుసకు 220 అక్షరాల చోటుంటుంది. చోటుందని నింపకుండా మొదటి వాక్యం ఒక్కటే పెట్టాలి. సభల సంగతి మరీ ముఖ్యం. నిర్వాహకులు పాత కాగితంలోంచి బిరుదులన్నీ చదివేస్తారు. అందుకని కొత్త కాగితాన్ని ముందే వాళ్ల చేతికివ్వాలి.

రెండు మినహాయింపులు. ప్రభుత్వ టెండర్లకూ ప్యానెళ్లకూ పూర్తి బయోడేటా అడుగుతారు. అక్కడ అన్ని డిగ్రీలూ, అన్ని పనులూ రాయాల్సిందే, అది వేరే పత్రం. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం, న్యాయవాదులకు బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రచారం విషయంలో హద్దులు గీశాయి. న్యాయవాదులు తమ ప్రాక్టీసు రంగాలను వెబ్‌సైట్‌లో పేర్కొనడానికి 2008 సవరణ వీలిచ్చింది. ఈ రెండు వృత్తులవారూ తమ సంస్థల నియమాలు చూసుకునే రాయాలి.

ఇది చదివిన కన్సల్టెంట్లకు మనవి. ఈ ఆదివారం గత మూడేళ్ల బిల్లులు ముందేసుకుని కుప్పలు పోయండి. నాలుగు వాక్యాలు రాసి, మీ రంగం తెలియని ఒకరిచేత చదివించండి. కొత్త కార్డులు వంద మాత్రమే అచ్చు వేయించండి, మొదటి నెలలోనే ఒకటి రెండు మాటలు మార్చాల్సి రావచ్చు. పాత కార్డులు ఇక ఎవరికీ ఇవ్వకండి.