డబ్బు అన్నది, దస్తావేజు తమ్ముడిది

జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లిన అన్న ఊళ్లో ఇంటి స్థలం కొనాలనుకున్నాడని అనుకుందాం. ధర 24 లక్షలు. అన్న బ్యాంకు ద్వారా 18 లక్షలు పంపాడు, తమ్ముడు ఆరు లక్షలు వేశాడు. రిజిస్ట్రేషన్ నాటికి అన్నకు సెలవు దొరకలేదు. దస్తావేజు తమ్ముడి ఒక్కడి పేరునే రాయించారు. పదేళ్లకు అన్న తిరిగొచ్చి వాటా అడిగితే, కాగితం నాదంటాడు తమ్ముడు. వాళ్ల మధ్య ట్రస్టు పత్రం లేదు, రాతకోతలు లేవు. తమ్ముడు ఎన్నడూ ‘నీ వాటా నా దగ్గర ఉంది’ అని నోటితో అన్నదీ లేదు.

సరిగ్గా ఇలాంటి చోటే ఈక్విటీ కలగజేసుకుంటుంది. యజమాని ప్రకటించకపోయినా, ధర చెల్లించిన తీరును బట్టే ట్రస్టు పుడుతుంది. దీన్నే రిజల్టింగ్ ట్రస్టు అంటారు. ఇంగ్లండులో 1788 నాటి డయర్ కేసు దీనికి మూలస్తంభం. 1882 నాటి భారత ట్రస్టుల చట్టంలోని 82వ సెక్షన్ కూడా ఇదే చెప్పింది. ఒకరు ధర చెల్లించి, ఆస్తి మరొకరి పేరున రాయించినప్పుడు, ఊరికే ఇచ్చేసే ఉద్దేశం లేదని కనబడితే, పేరున్నవాడు చెల్లించినవాడి కోసమే ఆస్తిని పట్టుకుని ఉన్నట్టు లెక్క. మన ఉదాహరణలో ఈ సూత్రం ప్రకారం అన్నకు నాలుగింట మూడు వంతులు రావాలి. కొన్న రోజు ఎవరు ఎంత పెట్టారన్నదే ఇక్కడ కొలమానం. తర్వాత ప్రహరీ కట్టించినంత మాత్రాన ఈ లెక్క మారదు.

అలాగని డబ్బు పంపిన రసీదు ఒక్కటే చాలదు. అది కానుక కావచ్చు, చేబదులు కావచ్చు. అందుకే సుప్రీంకోర్టు 1973లో కొన్ని గుర్తులు చెప్పింది: సొమ్ము ఎక్కడిది, స్వాధీనంలో ఎవరున్నారు, అసలు దస్తావేజులు ఎవరి పెట్టెలో ఉన్నాయి, వేరొకరి పేరున రాయించాల్సిన కారణమేమిటి, ఇద్దరి చుట్టరికం, ఆ తర్వాతి నడవడిక ఎలా ఉన్నాయి. పల్లెలో పెద్దమనుషులు పంచాయితీలో అడిగే ప్రశ్నలూ ఇవే.

కన్‌స్ట్రక్టివ్ ట్రస్టు దారి వేరు. అక్కడ ఉద్దేశం ఊహించే పని లేదు. మనస్సాక్షి ఒప్పని లాభాన్ని చట్టమే చేతిలోంచి తీసుకుంటుంది. 1726 నాటి కీచ్ కేసులో రోమ్‌ఫర్డ్ సంత లీజు ఒక పసివాడి కోసం ట్రస్టీ చేతిలో ఉంది. పిల్లవాడి పేరున పొడిగించనని సంత యజమాని తెగేసి చెబితే, ట్రస్టీ తన పేరున పొడిగించుకున్నాడు. అందులో మోసమేమీ కనబడలేదు. అయినా ఆ లీజూ దాని లాభమూ పిల్లవాడికే చెందుతాయని లార్డ్ ఛాన్సలర్ కింగ్ తీర్పిచ్చారు. మన 88వ సెక్షన్‌ది ఇదే బాట. ఏజెంటు, భాగస్వామి, సంరక్షకుడు తన స్థానాన్ని వాడుకుని పొందిన లాభం, తాను ఎవరి మేలు చూడాలో వారికే అప్పగించాలి.

88 ఇప్పటికీ ఉంది. 82 లేదు. 1988 నాటి బినామీ నిషేధ చట్టం దాన్ని రద్దు చేసింది. 2016 సవరణ తర్వాత భార్య పేరునో బిడ్డ పేరునో, తెలిసిన ఆదాయంతో కొంటే అది బినామీ కాదు. తోబుట్టువు పేరునైతే మరో షరతు ఉంది: ఏదో ఒక పత్రంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా ఉండాలి. మన దుబాయ్ అన్న అక్కడే చిక్కుకుంటాడు. ‘సొమ్ము నాది’ అని దావా వేస్తే, ఆ మాటే బినామీని ఒప్పుకోవడం అవుతుంది. దావా చెల్లదు సరికదా, ఆస్తి సర్కారుకు జప్తయ్యే ప్రమాదమూ ఉంది. నమ్మకద్రోహం చేసిన తమ్ముడు చట్టాన్నే డాలుగా పట్టుకుంటాడు.

నమ్మకపు బాధ్యత ఉన్నవారికి చట్టంలో మినహాయింపు ఉందన్నది నిజమే. 2012లో సుప్రీంకోర్టు బెంగళూరు కేసు ఒకదానిలో దాన్ని తోబుట్టువులకూ వర్తింపజేసింది. నగరపాలక సంస్థ ఒక్కరి పేరునే బదిలీ చేస్తానంటే కుటుంబమంతా సొమ్ము వేసి కొన్న ఇల్లది. కానీ అది పాత చట్టం కింద, ఆ కుటుంబం సంగతులను బట్టి ఇచ్చిన తీర్పు. ప్రతి అన్నకూ సుప్రీంకోర్టు దాకా వెళ్లే ఓపిక ఉండదు.

భూ పరిమితిని తప్పించుకోవడానికి, నల్లడబ్బు దాచడానికి బినామీలను వాడిన చరిత్ర మన ముందే ఉంది. ఆ దొంగలకు సాయం చేయమని ఎవరూ అడగడం లేదు. అక్రమం కోసం పేరు మార్చి, ఆ పని నెరవేర్చుకున్నవాడికి ఆస్తి తిరిగి ఇప్పించే బాధ్యత కోర్టుకు లేదని ట్రస్టుల చట్టంలోని 84వ సెక్షన్‌ను బట్టి ఎప్పుడో తేలింది. నిజాయితీగా కష్టపడి పంపిన సొమ్మును ఆ దొంగల గాటనే కట్టేయడం మాత్రం అన్యాయం. తోబుట్టువుల విషయంలో ఉమ్మడి పేర్ల షరతును పార్లమెంటు తొలగించాలి. ధర బ్యాంకు ద్వారా, తెలిసిన ఆదాయం నుంచి వెళ్లినట్టు కొన్న నాటి ఖాతా చూపితే, 82వ సెక్షన్ ఇచ్చిన వాటా అడిగే హక్కును అలాంటివారికి తిరిగి ఇవ్వాలి.