ఒక్కొక్కరికి ఒక్క వాక్యం

ఛత్తీస్‌గఢ్‌లోని ఉరలా పారిశ్రామికవాడ పక్కనున్న బీర్‌గావ్‌లోనైనా మరోచోటైనా, విద్యార్థి సంఘం ప్రమాణ స్వీకారంలో పరిచయాలు పొగడ్తలుగా సాగిపోతాయి. ఒక్క వాక్యం చాలు, అందులో పని ఉండాలి: విద్యార్థుల మాట ప్రిన్సిపాల్‌కు చేర్చేది అధ్యక్షురాలు, ఆమె లేనప్పుడు సభ నడిపేది ఉపాధ్యక్షుడు, తీర్మానాలు రాసిపెట్టేది కార్యదర్శి, ఆయనకు తోడు సంయుక్త కార్యదర్శి.

ఉమ్మడి ప్రతిజ్ఞలో మాత్రం లెక్క ఉండాలి. విద్యార్థి సంఘ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థి ఖర్చుకు 2006 నాటి లింగ్డో కమిటీ 5,000 రూపాయల పరిమితి పెట్టింది. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేసిన లెక్కలు కళాశాలకు ఇవ్వాలంది. (ఛత్తీస్‌గఢ్‌లో ఓటింగ్ లేకుండా మార్కులు చూసి నామినేట్ చేసిన ఏళ్లూ ఉన్నాయి, అప్పుడు ఈ లెక్కకే పనిలేదు.) కాబట్టి అందరూ కలిసి పలకాల్సింది, “మా ఖర్చు లెక్కలు గడువులోగా ఇస్తాం” అనే. ఆ గడువు తేదీని వేదిక మీదే చదివి వినిపిస్తే, పదిహేనో రోజున ఎవరైనా వెళ్లి అడగొచ్చు.