ఇరవై ఏడు అంటే ఇనుమా, విద్యుత్ సామగ్రియా?

రాయపూర్ చేరువన సిల్తరా పారిశ్రామిక వాడలో గోదావరి పవర్ అండ్ ఇస్పాత్ అనే కంపెనీ ఉన్నది. ప్రభుత్వ రిజిస్టరులో దాని గుర్తింపు సంఖ్య L27106 అని మొదలవుతుంది. మొదటి అక్షరం దాని వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైనవని తెలుపుతుంది. తరువాతి ఐదంకెలు అది చేసే వ్యాపారాన్ని తెలుపుతాయి.

చిక్కంతా ఆ అంకెలలోనే ఉన్నది. 2004 నాటి జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో 27వ విభాగం ఇనుము, ఉక్కు వంటి మూల లోహాలది. 2008 జాబితాలో లోహాలు 24కు జరిగాయి; 27 విద్యుత్ పరికరాల తయారీకి దక్కింది. జాబితా మారినంత మాత్రాన కంపెనీ సంఖ్య తనంతట తాను మారదు. పాత సంఖ్యను కొత్త జాబితాతో చదివిన గుమాస్తా, ఉక్కు కంపెనీని మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల వరుసలో కూర్చోబెడతాడు. పేరులో ‘పవర్’ ఉన్నది గనుక ఎవరికీ అనుమానమైనా రాదు!

అంకెలను సరిగా చదివినా తగవు తీరదు. ఈ కంపెనీ ఇనుప ఖనిజం తవ్వుతుంది, స్పాంజి ఐరన్, ఉక్కు తయారుచేస్తుంది, విద్యుత్తూ ఉత్పత్తి చేస్తుంది. ఏ పనివల్ల అదనపు విలువ ఎక్కువ చేకూరుతుందో అదే ముఖ్యమని జాతీయ వర్గీకరణ అంటుంది. మదుపరుల కోసం తయారయ్యే జాబితాలు చాలావరకు అమ్మకాల రాబడిని చూస్తాయి. సొంత గని ఖనిజం సొంత కొలిమికే చేరితే, అది అమ్మకాల పద్దులో కనిపించదు. అదనపు విలువలో మాత్రం తన వాటా తాను అడుగుతుంది.

ఏ పట్టికలోనైనా 24 కింద ఉక్కు కంపెనీలూ రసాయనాల కంపెనీలూ పక్కపక్కన కనిపిస్తే, అందులో రెండు జాబితాలు కలిసిపోయాయని గ్రహించవచ్చు. 2004 జాబితాలో 24 రసాయనాలది.