ఓవర్‌టైం ఎక్కడ పుడుతుంది?

హిందూపురం మార్కెట్ యార్డుకు చింతపండు రావడం మొదలయ్యిందంటే గోడౌన్లలో పనిచేసే ఆడవాళ్ళు ఇల్లు చేరే వేళ మారిపోతుంది. కరిపులి, ఫ్లవర్ రకాల బస్తాలు వచ్చిపడే ఆ రెండు మూడు నెలలు ఆరు గంటలకు వెళ్ళాల్సిన వాళ్ళు తొమ్మిదికి, పదికి వెళతారు. కారణం అడిగితే యజమాని, మేస్త్రీ, చివరికి ఆ స్త్రీలు కూడా ఒకే మాట చెబుతారు: "సీజన్ కదా!" ధర్మవరంలో పెళ్ళిళ్ళ ముందు పట్టుచీరల గోడౌన్లలోనూ ఈ మాటే. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వచ్చిన గిడ్డంగుల్లో దీని పేరు "అర్జెంట్ ఆర్డర్".

సీజన్ ప్రతి ఏడాదీ వస్తుంది. వస్తుందని ముందే తెలిసినదాన్ని ప్రతి ఏడాదీ ఆకస్మిక విపత్తులాగా ఎందుకు ఎదుర్కొంటున్నారు? నా దృష్టిలో ఓవర్‌టైం సీజన్లో పుట్టదు. ఒక మనిషి గంటకు ఎంత పని చేయగలదని వేసుకున్న లెక్కలో పుడుతుంది. ఆ లెక్కను మనం యాజమాన్యాలకే వదిలేశాం. "ప్రొడక్టివిటీ స్టాండర్డ్" అనే మాట వినగానే దోపిడీ అని పక్కన పెట్టేశాం. అది కొరడా కావచ్చు, డాలు కూడా కావచ్చు. ఏదవుతుందో తెలియాలంటే లెక్క లోపలికి వెళ్ళాలి.

ఒక గోడౌను ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణకే. ఇరవై అర కిలో పొట్లాలు కలిపి ఒక పెట్టె. చింతపండు ఏరి, తూచి, సీలు వేసి పెట్టె నింపడానికి మామూలు వేగంతో పనిచేసే స్త్రీకి 26 నిమిషాలు పడుతుంది. ఇది ఒక్కసారి గడియారం చూసి చెప్పే మాట కాదు. వేరువేరు మనుషుల్ని, పొద్దునా సాయంత్రమూ, మంచి సరుకుతోనూ చెత్త కలిసిన సరుకుతోనూ చూసి తేల్చాలి. ఆ తర్వాత విరామాలు కలపాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ పని అధ్యయన గ్రంథంలో ఉదాహరణగా ఇచ్చిన పట్టిక ప్రకారం సొంత అవసరాలకు స్త్రీలకు 7 శాతం, పురుషులకు 5 శాతం, మామూలు అలసటకు ఇద్దరికీ 4 శాతం, నిలబడి చేసే పనికి స్త్రీలకు మరో 4 శాతం కలపాలి. మొత్తం 15 శాతం. అంటే మంచినీళ్ళకు, మరుగుదొడ్డికి, నడుము వాల్చడానికి పట్టే సమయం ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు, పనిలో భాగమే. 26 నిమిషాలకు 15 శాతం కలిపితే 30 నిమిషాలు. గంటకు రెండు పెట్టెలు. ఎనిమిది గంటల షిఫ్టులో భోజనానికి అరగంట, సరుకు కోసం ఎదురుచూడటానికీ కరెంటు కోతకూ మరో అరగంట తీసేస్తే ఏడు గంటలు. రోజుకు 14 పెట్టెలు.

సీజన్లో రోజుకు 560 పెట్టెలు పంపాలంటే 40 మంది కావాలి.

మామూలుగా జరిగేది వేరు. చేయి బాగా తిరిగిన ఒకామెను నిలబెట్టి, ఆమె 20 నిమిషాల్లో పెట్టె నింపడం చూసి, విరామాలేవీ కలపకుండా గంటకు మూడు పెట్టెలని రాసుకుంటారు. అరగంట భోజనం తీసేస్తే రోజుకు 22. ఆ లెక్కన 560 పెట్టెలకు 26 మంది చాలు. కాని ఆ 26 మంది నిజంగా చేయగలిగింది 364. మిగిలిన 196 పెట్టెలకు 98 గంటలు పడుతుంది. ఒక్కొక్కరికి దాదాపు మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. రాత్రి తొమ్మిదింటికి గోడౌన్లో ఉన్న స్త్రీ సీజన్ వల్ల అక్కడ లేదు. తీసుకోకుండా వదిలేసిన ఆ పద్నాలుగు మంది పని ఆమె చేస్తున్నది.

ఇప్పుడు డబ్బు లెక్క చూడండి. అదనపు గంటకు రెట్టింపు వేతనం పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉంది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఉంది. 98 అదనపు గంటలకు 196 గంటల కూలి ఇవ్వాలి. అదే మరో 14 మందిని ఎనిమిది గంటలకు పెట్టుకుంటే 112 గంటల కూలి చాలు. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. వాటాలు కలిపినా 196 కాదు. అంటే చట్టం ప్రకారం డబ్బిస్తే ఓవర్‌టైం యజమానికి నష్టం. నెలల తరబడి అది సాగుతున్నదంటే ఎక్కడో రెట్టింపు ఎగ్గొడుతున్నారన్నమాట. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం మూడు నెలల ఓవర్‌టైం పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచడానికి ఆమోదం తెలిపింది. అసలు అవసరమే లేని గంటలకు పరిమితి ఎందుకు పెంచుతున్నారని మనం అడగవలసింది.

మరి సీజన్ అయిపోయాక ఆ నలభై మంది ఏం కావాలి? ఇది న్యాయమైన ప్రశ్న. ఇక్కడే షిఫ్టుల పట్టిక అవసరం. మొదట, ఏ పని ఆగదు, ఏ పని ఆగుతుంది అని విడదీయాలి. బస్తాలు దించుకోవడం, తూచడం ఆగవు. కాని చింతపండు బయట ఉంటే నల్లబడుతుంది కనుక ఎలాగూ శీతల గిడ్డంగికి వెళ్తుంది. అక్కడికి చేరిన సరుకును పొట్లాలు కట్టే పనిని సీజన్ తర్వాతి నెలలకు జరపవచ్చు. గిడ్డంగి అద్దె పడుతుంది, నిజమే. దాన్ని పక్కన పెట్టి చూడాల్సింది పైన చెప్పిన 84 గంటల కూలి తేడా.

రెండవది, శిఖరాన్ని పూర్తి షిఫ్టులతోనే నింపనక్కరలేదు. 32 మంది పూర్తి షిఫ్టు చేస్తే 448 పెట్టెలు. 16 మంది సగం షిఫ్టు చేస్తే 112. మొత్తం 560. బడికి వెళ్ళే పిల్లలున్న తల్లులు సగం షిఫ్టుకు రాగలరు. అయితే దీనికి రెండు షరతులు: గంట కూలి పూర్తి షిఫ్టుతో సమానంగా ఉండాలి, సగం షిఫ్టు కోరుకున్న వాళ్ళకే ఇవ్వాలి. లేకపోతే మేస్త్రీ నచ్చనివాళ్ళను సగం కూలికి నెట్టే మార్గం అవుతుంది. పట్టిక రెండు వారాల ముందే గోడ మీద ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి "ఉండిపోండి" అని చెప్పడం పట్టిక కాదు.

మూడవది, వారపు సెలవు. ఏడు రోజులూ తెరిచే గోడౌన్లో రోజూ 40 మంది ఉండాలంటే, 40ని ఏడుతో గుణించి ఆరుతో భాగించాలి. చిట్టాలో 47 పేర్లుండాలి. జబ్బులకు, చావు పుట్టుకలకు మరికొన్ని. 40 పేర్లే ఉంటే సెలవు కాగితం మీదే.

ఒక ప్రమాదం మరచిపోకూడదు. గంటల లెక్క అడగడం మొదలుపెట్టగానే పని ఇళ్ళకు పోతుంది. గింజ తీసే పని కిలోకు ఇంత అని ఇప్పటికే వాకిళ్ళలో నడుస్తున్నది. అక్కడ షిఫ్టు లేదు, మస్టర్ లేదు, ఓవర్‌టైం అనే మాటే లేదు. పిల్లలు కూడా కూర్చుంటారు. కాబట్టి కిలో రేటును కూడా ఇదే పద్ధతిలో కట్టాలి: విరామాలతో కలిపి ఎనిమిది గంటల్లో ఎన్ని కిలోలు తేలుతాయో చూసి, ఆ కిలోలకు కనీస వేతనం రావాలి.

ఓవర్‌టైం దాచారని ఎలా తెలుస్తుంది? మస్టరూ, సరుకు పంపిన రిజిస్టరూ పక్కపక్కన పెట్టండి. 560 పెట్టెలు పోయిన రోజున మస్టర్లో 26 పేర్లు, ఒక్కొక్కరికి ఎనిమిది గంటలే ఉంటే తలకు ఇరవై ఒకటిన్నర పెట్టెలు. మామూలు మనిషి రోజుకు 14 నింపగలదని మనం కొలిచి పెట్టుకుంటే, ఆ కాగితం అబద్ధమని ఎవరూ సాక్ష్యం చెప్పనక్కరలేదు. పని పోతుందనే భయంతో నోరు విప్పలేని చోట ఇది చిన్న విషయం కాదు. అందుకే ఆ కొలత మన చేతిలో ఉండాలి. కొలిచేటప్పుడు కార్మిక స్త్రీలు పక్కన ఉండాలి. ఎవరిని నిలబెట్టి కొలవాలో వాళ్ళే చెప్పాలి.