జీడీలో మీ వాటా 90 సెకన్లే!

ఫైనల్ ఇయర్‌లో నా మొదటి గ్రూప్ డిస్కషన్ ఇప్పటికీ బాగా గుర్తుంది. టాపిక్ చెప్పి "స్టార్ట్" అనగానే అందరికంటే ముందు నేనే అందుకున్నా. ముందు మాట్లాడినవాళ్లకి మార్కులు ఎక్కువని ఒక సీనియర్ చెప్పాడు మరి. టాపిక్‌నే ఇంకో రకంగా చెప్పి, "దీనికి లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి" అని ఆపేశా. ఆ తర్వాత నోరు విప్పడానికి సందు దొరికితే ఒట్టు! లిస్టులో నా పేరు లేదు. సెలెక్ట్ అయిన మా క్లాస్‌మేట్ మాత్రం మొత్తం మీద మూడుసార్లే మాట్లాడింది. ఆ మూడుసార్లూ తను ఏం చేసిందో నాకు అర్థం కావడానికి ఇంకో రెండు జీడీలు పట్టాయి.

ముందు ఓ చిన్న లెక్క చూడండి. పది మంది, 15 నిమిషాలు అనుకుందాం. అంటే 900 సెకన్లు. సమానంగా పంచితే తలా 90 సెకన్లు. ఒక్కోసారి అర నిమిషం మాట్లాడితే మూడు ఛాన్సులు. కాబట్టి పేపర్ నిండా పది పాయింట్లు రాసుకుని వెళ్లినా ఏడెనిమిది మిగిలిపోతాయి. ఆ మూడు ఛాన్సుల్ని ఇలా వాడొచ్చు: ఒకసారి పాయింట్ చెప్పడానికి, ఒకసారి చర్చని దారిలో పెట్టడానికి, ఒకసారి అందరి మాటల్నీ కూడగట్టడానికి.

ఒక టాపిక్ తీసుకుని చూద్దాం. "పది నిమిషాల డెలివరీ మనకు అవసరమా?"

లోపలికి ఎలా వెళ్లాలి?

మొదలైన రెండో నిమిషానికే సీన్ ఇలా ఉంటుంది. రెండో నంబర్ కుర్రాడు "కస్టమర్‌కి టైమ్ కలిసొస్తుంది" అంటాడు. ఐదో నంబర్ అమ్మాయి "రైడర్ ప్రాణాలకి రిస్క్" అంటుంది. ఇద్దరూ అక్కడే తిరుగుతుంటారు. మిగతావాళ్లు తలా ఒక మాట విసురుతుంటారు. చేపల మార్కెట్ అన్నమాట.

ఇక్కడ మనం చేసే తప్పు, ఎదుటివాళ్లు పూర్తిగా ఆపేదాకా ఆగడం. ఆ ఖాళీ ఎప్పటికీ రాదు. ఇంకొకరు అందుకుంటారు. జాగ్రత్తగా వింటే ఒకటి తెలుస్తుంది. చాలామంది పాయింట్ మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేస్తారు. ఆ తర్వాత అదే మాటని తిప్పి చెబుతుంటారు. ఐదో నంబర్ "రిస్క్" అనే మాట రెండోసారి అని ఊపిరి తీసుకుంది చూడండి, అదే మీ సందు. మీ పాయింట్ కంటే ముందు ఆమె పాయింట్‌ని అందుకోండి.

"ఐదో నంబర్ చెప్పిన రిస్క్‌కి ఒకటి కలుపుతా. కంపెనీల వాదన ఏంటంటే, బండి స్పీడ్ వల్ల కాదు, స్టోర్ దగ్గరగా ఉండటం వల్లే సరుకు పది నిమిషాల్లో వస్తుందని. మరి రోడ్డు మీద ట్రాఫిక్ ఉన్నప్పుడు ఆ లేటు ఎవరి ఖాతాలో పడుతుంది? రైడర్ రేటింగ్‌లోనా, కంపెనీ లెక్కలోనా? అసలు రిస్క్ అక్కడ తేలుతుంది."

దీనికి అర నిమిషం కూడా పట్టదు. తన మాటే వినిపిస్తోంది కాబట్టి ఐదో నంబర్ మిమ్మల్ని ఆపదు. చర్చ కూడా ఒక అడుగు ముందుకు పడింది. జీడీ ఇంగ్లిష్‌లోనే కదా అని కంగారు పడొద్దు. "ఐ వాంట్ టు యాడ్ టు దట్ పాయింట్" చాలు. ఒక్క జాగ్రత్త, ఆ మొదటి నాలుగు మాటలూ మీ మామూలు గొంతు కంటే కాస్త గట్టిగా రావాలి. తర్వాత తగ్గించుకోవచ్చు.

మీరూ ఇంకొకరూ ఒకేసారి మొదలుపెట్టారా? "మీరు చెప్పండి, మీ తర్వాత నేను చెబుతా" అనేయండి. మర్యాద మర్యాదగా ఉంటుంది, తర్వాతి ఛాన్స్ దాదాపు మీకు రిజర్వ్ అయిపోతుంది.

దారిలో పెట్టడం

ప్రిపరేషన్‌కి ఇచ్చే ఆ ఒకటి రెండు నిమిషాల్లో పాయింట్లు కాకుండా, ఈ విషయం ఎవరెవరికి తగులుతుందో రాయండి. మన టాపిక్‌కి నాలుగు మాటలు చాలు: కస్టమర్, రైడర్, కిరాణా కొట్టు, కంపెనీ. చర్చ నడుస్తుండగా ఎవరి గురించి మాట వస్తే ఆ పేరు పక్కన గీత పెట్టండి.

ఐదారు నిమిషాలయ్యాక పేపర్ చూస్తే కస్టమర్, రైడర్ పక్కన బోలెడు గీతలుంటాయి. కిరాణా కొట్టు పక్కన ఒక్కటీ ఉండదు. చర్చ గానుగెద్దులా తిరుగుతోందనడానికి గుర్తు అదే. అప్పుడు ఇలా అనొచ్చు:

"కస్టమర్, రైడర్ గురించి రెండు వైపులా విన్నాం. మా వీధిలో కిరాణా కొట్టాయన నెలాఖరుకి అప్పు పెడతాడు. అయినా జనం యాప్‌కే వెళ్తున్నారు. ఆయన సంగతి కూడా చూద్దామా?"

ఇందులో ప్రశ్న ఉంది, ప్రశ్నతోపాటు మీ ఉదాహరణ కూడా ఉంది. ఉదాహరణ లేకుండా "ఇక ఎకనామిక్ యాంగిల్‌కి వెళ్దాం" అని ఆర్డర్ వేస్తే క్లాస్ లీడర్‌లా కనిపిస్తారు. ఎవరూ మీ వెనకాల రారు. ఒకవేళ మీరు చూపించిన దారిలోకి గ్రూప్ రాకపోతే వదిలేయండి. రెండోసారి అదే అడిగితే పట్టుదల కాస్తా మొండితనంలా కనిపిస్తుంది.

కూడగట్టడం

చివర్లో సమ్మరీ చెప్పమంటే చాలామంది సొంత అభిప్రాయం చెబుతారు. లేదంటే "మొదట ఆయన ఇలా అన్నాడు, తర్వాత ఈవిడ అలా అంది" అని వరసగా అప్పజెబుతారు. రెండూ సమ్మరీ కాదు. "అందరం ఒప్పుకున్నాం" అనడం ఇంకా ప్రమాదం. ఒప్పుకోనివాడు మీ ఎదురుగానే కూర్చుని ఉంటాడు!

మూడు వాక్యాల కొలత పెట్టుకోండి. ఎక్కడ కలిశాం, ఎక్కడ కలవలేదు, ఏం తేలలేదు.

"మందుల్లాంటి అత్యవసరాలకి వేగం కావాలని ఎక్కువమంది అన్నారు. చిప్స్ ప్యాకెట్‌కి కూడా అదే వేగం కావాలా అన్న దగ్గర రెండుగా చీలిపోయాం. లేటయితే భారం ఎవరిదన్న ప్రశ్నకి జవాబు దొరకలేదు."

ఇందులో కొత్త పాయింట్ ఒక్కటి కూడా లేదు, ఉండకూడదు కూడా. రెండో నంబర్‌కీ ఐదో నంబర్‌కీ తమ మాట అందులో వినిపించాలి. దీనికోసం చివర్లో కష్టపడక్కర్లేదు. ఇందాకటి గీతల పేపరే, ఎక్కడ గొడవయిందో అక్కడ ఒక చుక్క పెట్టుకుంటే, సమ్మరీలో సగం.

ఇంకో మాట. అన్ని కంపెనీలూ జీడీ పెట్టవు, పెట్టేవాళ్లు కూడా మార్కులు ఒకేలా వెయ్యరు. కొందరు సమ్మరీ అసలు అడగరు. అప్పుడు చివరి రెండు నిమిషాల్లో "ఇప్పటిదాకా తేలింది ఇదీ" అని మీరే ఒక ఛాన్స్ తీసుకోవచ్చు.

ఈ ఆదివారం హాస్టల్ రూమ్‌లో ఎనిమిది మంది కూర్చోండి. మధ్యలో ఫోన్ పెట్టి రికార్డ్ చేయండి. తర్వాత వింటూ మీ గురించి రెండే లెక్కపెట్టండి: ఎన్నిసార్లు మాట్లాడారు, అందులో ఎన్నిసార్లు ముందువాళ్ల మాటని అందుకుని మొదలుపెట్టారు. నేను మొదటిసారి ఇలా విన్నప్పుడు మొదటి అంకె ఏడు, రెండోది సున్నా!