తడి చాటున తుప్పు

లిలువాలో జూన్ నెల రెండవ వారం దాటిన తరువాత గాలిలో తేమ మిక్కుటంగా ఉంటుంది. ఆ ఋతువులోనే ఒక ఉదయం మా క్వార్టరు గేటును బూటుకాలితో కాస్త గట్టిగా నెట్టగా, బూటు మొన గేటు అడుగు పైపులోనికి దిగిపోయింది. పైకి చూడ ఆ గేటుకు ఏ లోపమూ లేదు. ఏడాది క్రితమే ఆకుపచ్చ ఎనామిల్ రంగు వేయించినది, ఆ రంగు ఇంకా నిగనిగలాడుతూనే ఉన్నది. పైపును రంపంతో కోయించి చూచితే లోపలనుంచి గ్లాసెడు గోధుమరంగు నీరు, దాని వెంట పొరలుపొరలుగా తుప్పు బయటపడినవి. రంగు వేసిన వైపున కాక రంగు చేరని వైపున, గాలి తగిలే చోట కాక గాలి ఆడని చోట ఇనుము హరించుకుపోయింది. ముప్పది యేండ్లుగా ఉక్కుతోనే సహవాసం చేస్తున్న మాకు ఇది తెలియనిది కాదు. అయినా సొంత గేటు వద్ద ఏమరుపాటు చెందితిమి. ఈ మాసపు శీర్షికకు విషయం ఆ విధంగా లభించింది.

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు పుడుతుందని పిల్లలు బడిలో చదువుకొంటారు. అది నిజమే గాని సగం నిజం. ఈ మూడూ ఒకే చోట కలుసుకొననవసరం లేదన్నది మిగిలిన సగం. తుప్పు పట్టే ఇనుప పలక నిజానికి రెండు కొనలూ కలిపి ఉంచిన ఒక చిన్న బ్యాటరీ. పలకపై ఒక చోట ఇనుము తన ఎలక్ట్రాన్లను విడిచి నీటిలోనికి కరిగిపోతుంది. దానిని ఆనోడు అంటాము.

Fe → Fe²⁺ + 2e⁻

విడిచిన ఎలక్ట్రాన్లు లోహం గుండా ప్రయాణించి మరొక చోటికి చేరుతాయి. అక్కడ నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు వాటిని స్వీకరిస్తుంది. ఇది కాథోడు.

O₂ + 2H₂O + 4e⁻ → 4OH⁻

ఈ రెండు చోట్ల మధ్య నీటిలో అయాన్లు నడచి వలయాన్ని పూర్తి చేస్తాయి. కరిగిన ఇనుము, ఈ హైడ్రాక్సైడు మధ్యదారిలో కలుసుకొని, మరికొంత ప్రాణవాయువును గ్రహించి, మనం చూచే గోధుమరంగు తుప్పుగా మారుతుంది. అనగా తుప్పు కనిపించే చోటు వేరు, ఇనుము కరిగే చోటు వేరు కావచ్చును. గోడమీద కనిపించే పొగను బట్టి పొయ్యి అక్కడే ఉన్నదనుకోరాదు గదా. శుద్ధమైన నీటిలో అయాన్లు తక్కువ కనుక ఈ బ్యాటరీ మందకొడిగా నడుస్తుంది. ఉప్పు, చెమట, మూత్రం, బొగ్గుపొగ మసి వంటివి చేరితే వేగం పుంజుకొంటుంది.

దీనిని కంటితో చూడదలచినవారికి కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు యూలిక్ ఇవాన్స్ గత శతాబ్దపు తొలి దశాబ్దాలలో చేసి చూపిన నీటిబొట్టు ప్రయోగం ఉన్నది. ఎమెరీ కాగితంతో శుభ్రంగా రుద్దిన ఇనుప రేకుపై ఒక ఉప్పునీటి బొట్టు ఉంచుతారు. ఆ నీటిలో ముందుగానే కొంచెం పొటాషియం ఫెర్రిసయనైడు, కొంచెం ఫినాఫ్తలీన్ కలిపి ఉంటాయి. మొదటిది కరిగిన ఇనుమును నీలంగా చూపుతుంది, రెండవది హైడ్రాక్సైడును గులాబీ రంగుగా చూపుతుంది. మొదట బొట్టు అడుగున నీలపు చుక్కలు, గులాబీ చుక్కలు కలగాపులగంగా పుడతాయి. కొద్ది సేపటికి బొట్టు నడుమ ఉన్న ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. అంచు పలుచన కనుక అక్కడికి గాలినుంచి ప్రాణవాయువు సులభంగా చేరుతూ ఉంటుంది. అప్పుడు అంచంతా గులాబీగా, నడిబొడ్డు నీలంగా స్థిరపడతాయి. రెంటి నడుమ గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. కళాశాల ప్రయోగశాలలో పని చేసే బంధువులు ఎవరైనా ఉంటే పాఠకులు ఈ ప్రయోగాన్ని వారి సమక్షంలో తప్పక చూడవలెను. ప్రాణవాయువు పుష్కలంగా ఉన్న అంచు సురక్షితంగా ఉండి, అది లేని నడుమ భాగం కరిగిపోవడం మొదట వింతగా తోస్తుంది. మా గేటు పైపు అడుగున జరిగినదీ ఇదే. అడుగున బురద, దాని కింద గాలి చొరని తడి. పైన కొంత గాలి ఆడే తడి గోడ. మొదటిది ఆనోడు, రెండవది కాథోడు.

లిలువాలో నివసించేవారికి ఇందుకు దూరం పోనవసరం లేదు. ఇక్కడి తూర్పు రైల్వే క్యారేజి, వ్యాగన్ వర్క్‌షాపులో పెట్టెలను మరమ్మతుకై విప్పే పని తరతరాలుగా సాగుతున్నది. మామూలు ఉక్కుతో నిర్మించిన పాత తరహా ఐ.సి.ఎఫ్. పెట్టెలలో తుప్పు ఎక్కడ తింటుందో ఈ రంగంలో పనిచేసేవారు కళ్లు మూసుకొని చెప్పగలరు: మరుగుదొడ్డి కింద, ప్రవేశద్వారం కింద, పక్కగోడ నేలతో కలిసే మడత వద్ద. ఎండావానలు నేరుగా తగిలే పైకప్పు కన్న ఈ మరుగు స్థలాలే ముందు చెడిపోతాయి. పెట్టె నేలపై ప్లైవుడ్ పలకలు, వాటిపై పి.వి.సి. పరుపు ఉంటాయి. పరుపు అతుకుల గుండా దిగిన కడుగునీరు కింది ముడతల ఉక్కు పలకలో నిలుస్తుంది. నీరు పోవడానికి రంధ్రాలు ఉన్నా దుమ్ము, పీచు చేరి అవి పూడుకొనిపోతాయి. ఆ మీదట పలకకూ ప్లైవుడ్‌కూ నడుమ నిత్యం తడి, గాలి స్వల్పం, లవణాలు సమృద్ధి.

అనుభవజ్ఞుడైన కార్మికుడు చిన్న సుత్తితో తట్టుతూ పోతాడు. మంచి పలక ఖంగుమంటుంది, తినివేయబడినది బొంగురుగా పలుకుతుంది. రెండు పలకలు ఒకదానిపై ఒకటి ఎక్కిన అతుకు వద్ద ఉబ్బు కనిపించినా లోపల తుప్పు పేరుకొన్నదని అర్థం. తాను పుట్టిన ఇనుము కన్న తుప్పు రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది, కనుక అది పలకలను విడదీస్తుంది. ఆపైన అల్ట్రాసానిక్ పరికరంతో మందం కొలిచి, చెడిన భాగాన్ని కోసి కొత్త పలక అతుకుతారు. చెడిన చోటుపై కొత్త పలక కప్పి వెల్డు చేయడం తప్పు. అది తడికి ఇంకొక చాటు కల్పించడమే అవుతుంది. పెరంబూరు కర్మాగారం 2018 జనవరిలో ఈ తరహా పెట్టెల తయారీని ముగించింది. తరువాత వచ్చిన ఎల్.హెచ్.బి. పెట్టెల గోడలు స్టెయిన్‌లెస్ ఉక్కువి.

ఇక లిలువాకు తరువాతి స్టేషను హౌరా. అక్కడి వంతెన 1943లో రాకపోకలకు తెరచుకొన్నది; అందులో సుమారు 26,500 టన్నుల ఉక్కు ఉన్నది. దాని రహదారి పైనుంచి వేలాడే ఉక్కు కంబాలను పట్టుకొని నిలుస్తుంది. ఆ కంబాలు అడుగు దూలాలతో కలిసే చోట నీరు దిగకుండా ఉక్కు తొడుగులు అమర్చి ఉంటాయి. 2011లో అప్పటి కోల్‌కతా పోర్టు ట్రస్టు జరిపిన తనిఖీలో, 2007లో 6 మిల్లీమీటర్లున్న ఆ తొడుగుల మందం 3 మిల్లీమీటర్ల కన్న తక్కువకు దిగినట్లు తేలింది. పాదచారులు ఉమ్మే పాన్ అందుకు కారణమని నిర్ణయించి, కంబాల అడుగును ఫైబర్‌గ్లాసుతో కప్పడానికి 20 లక్షల రూపాయలు కేటాయించారు.

ఈ అంకెలనుంచి ఒక చిన్న లెక్క వేయవచ్చును. చదరపు మీటరు వైశాల్యంలో 3 మిల్లీమీటర్ల ఉక్కు అనగా సుమారు 23½ కిలోలు. నాలుగేండ్లలో ఇది పోయినది కనుక ఏడాదికి దాదాపు 6 కిలోలు. ఒక ఆంపియరు విద్యుత్తు ఏడాది పొడుగునా ప్రవహిస్తే ఫారడే నియమం ప్రకారం 9 కిలోలకు పైగా ఇనుము కరుగుతుంది. కావున ఆ చదరపు మీటరుపై నడచిన తుప్పు విద్యుత్తు ఆంపియరులో మూడింట రెండు వంతులు మాత్రమే. రెండు టార్చి బల్బులు వెలిగించేపాటి విద్యుత్తు, కాని రాత్రింబవళ్లు విరామం లేనిది. ఉమ్మిలో లవణాలు ఉంటాయి, దాని జిడ్డు కింద తడి ఆరదు, పైగా ఉమ్మేవారికి కొరత లేదు. ఇంతకన్న వివరణ అక్కరలేదనుకొంటాము.

నివారణ విషయానికి వస్తే, బ్యాటరీని ఆపే మార్గాలే తుప్పును ఆపే మార్గాలు. మొదటిది తడిని తొలగించడం. ఇది చవక కావడం వల్లనో ఏమో, అందరూ ముందుగా దీనినే మరచిపోతారు. రంగు కన్న మిన్న అయినది నీరు దిగిపోవడానికొక రంధ్రం. గేటు, కిటికీ చట్రం, బీరువా కాళ్లు, కూలరు అడుగు వీటన్నిటిలో నీరు నిలిచే చోటును వెదకి, అడుగున ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, దానిని ఏటా తీగతో శుభ్రం చేయవలెను.

రెండవది రంగు. రంగు విఫలమయ్యేది చాలవరకు రంగు నాణ్యత వల్ల కాదు, దాని కింది ఉపరితలం వల్ల. తుప్పుపై, జిడ్డుపై, ఉప్పుపై వేసిన రంగు కింద తుప్పు యథేచ్ఛగా నడుస్తుంది. వైరు బ్రష్షు, ఎమెరీ కాగితాలతో మెరిసే లోహం కనబడేవరకు రుద్ది, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అదే పూట జింకు ఫాస్ఫేటు ప్రైమరు పూయవలెను. రాత్రికి వదిలితే కంటికి కనిపించని తుప్పు మరల పుడుతుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు పని మానుకోవడం మేలు. మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇందుకు అనువైన కాలం. పదును అంచులపై రంగు పలుచబడుతుంది కనుక అక్కడ ముందుగా బ్రష్షుతో ఒక పూత అదనంగా వేయవలెను.

మూడవది జింకు పూత. ఇనుము కన్న జింకు త్వరగా కరుగుతుంది. గీత పడ్డా జింకు తాను ఆనోడై ఇనుమును కాథోడుగా నిలుపుతుంది. తగరపు పూత ఇందుకు సరిగ్గా విరుద్ధం. బయటి గాలిలో డబ్బా రేకుపై గీత పడితే ఇనుమే ఆనోడవుతుంది. అందువల్లనే గీత పడ్డ జి.ఐ. బకెట్టు ఏండ్ల తరబడి మన్నగా, గీత పడ్డ నూనె డబ్బా ఒక్క వానాకాలంలో చిల్లు పడుతుంది. ఇదే కారణాన స్టెయిన్‌లెస్ పలకకు మామూలు ఇనుప మరలు బిగించరాదు. పెద్ద కాథోడు పక్కన చిన్న ఆనోడు ఉంటే దెబ్బ అంతా ఆ చిన్నదానిపైననే పడుతుంది.

మా గేటుకు వెల్డరు అడుగు పైపు మార్చి, కొత్త పైపులో మూడు రంధ్రాలు తొలిచి, లోపలికి బిటుమెన్ పోసి తిప్పి కారనిచ్చెను. వెల్డింగు వేడికి రంగు కాలిన చోట్లను మేమే రుద్ది ప్రైమరు వేసితిమి. తొలి వాన కురిసిన సాయంత్రం మూడు రంధ్రాలనుంచీ నీరు కారడం చూచితిమి. ఈ ఏడాది ఒక రంధ్రంలో చీమలు మట్టి నింపినవి, తీగతో పొడిచి తెరువవలసి వచ్చింది.